అన్నకు రెండో మెసేజ్‌లో ఏం రాయాలి?



ఏసీ పనిలో హెల్పర్‌గా చేరిన తమ్ముళ్లు ఎవరో సీనియర్ టెక్నీషియన్ నంబర్ సంపాదించి, ఒక శుక్రవారం అరగంట మాట్లాడతారు. ఆయన మంచిగనే చెప్తాడు. తర్వాత "బాగున్నవా అన్నా?" అని నాలుగు మెసేజ్‌లు, ఆ పైన మౌనం. అన్న పట్టించుకుంటలేడని అనుకుంటాం. నేనైతే అట్లా అనుకోను. ఆయన చెప్పింది చేసినమా, ఏమైంది అన్నది మనం తిరిగి చెప్పలేదు. అందుకే మాట అక్కడే ఆగింది.

ఒక ఉదాహరణ చూద్దాం. "ఏసీ చల్లగా వస్తలేదు, ఏం చేయాలె?" అంటే దూరం నుంచి ఎవరూ చెప్పలేరు. ఇట్లా రాయండి: "ఒకటిన్నర టన్ను మామూలు స్ప్లిట్, ఇన్వర్టర్ కాదు. ప్లేటు మీద 8 ఆంపియర్లు ఉంటే క్లాంప్ మీటర్‌లో 10 చూపిస్తుంది. లోపలి ఫిల్టర్ కడిగిన. బయటి యూనిట్ కాయిల్ నిండా దుమ్ముంది. గ్యాస్ ముట్టుకోలేదు."

ఇది చదివితే అన్నకు దారి దొరుకుతుంది. గ్యాస్ తక్కువుంటే మామూలుగా ఆంపియర్లు తగ్గుతాయి. ఇక్కడ పెరిగినయి అంటే, వేడి బయటికి పోక కంప్రెసర్ మీద భారం పడుతుండొచ్చు. "ముందు కరెంటు ఆపి కాయిల్ కడుగు, గ్యాస్ ఎక్కించకు" అంటాడు. అది చేసినంక మళ్లీ కొలిచి, అదే రోజు రాత్రి రాయండి: "కడిగిన అన్నా, 8.5కి దిగింది." దిగకపోయినా రాయండి. అప్పుడే ఆయన తర్వాతి సంగతి చెప్తాడు. సంబంధం నిలబెట్టేది ఈ మెసేజే.

ఇక మనం ఇచ్చేది కూడా ఉండాలె. పాత మిషన్ల మీద చేయి తిరిగిన అన్నకు కొత్త ఇన్వర్టర్ మోడళ్లు ఎక్కువ తగలకపోవచ్చు. మీ సైట్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్ ఫోటో, అది ఎట్లా పోయిందో రెండు ముక్కలు పంపండి. మీకు చదువు వస్తే, కివాలో కాంట్రాక్ట్ వచ్చినప్పుడు ఆయన ఒప్పుకునే ముందే జీతం, వృత్తి, గడువు చదివి చెప్పండి. మీ దగ్గర టెక్నీషియన్ కావాలంటే ముందు ఆయనకే చెప్పండి.

కొన్ని హద్దులున్నయి. మొదటి నెలలోనే అప్పు, వీసా అడిగితే నంబర్ బ్లాక్ అవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని బంద్, ఆ టైమ్‌లో ఫోన్ చేసి ఆయన నిద్ర చెడగొట్టకండి. ఎంత దగ్గరైనా అబ్షర్ ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి, అడగకండి.

మీరు చివరిగా సలహా అడిగిన అన్న ఎవరో గుర్తుచేసుకోండి. ఆ పని ఏమైందో ఈ శుక్రవారం ఆయనకు రాయండి.