స్లాబ్‌లో చివరి అర బస్తా: లెక్క కాగితం మీద కాదు, కప్పు మీద తేలాలి

సుక్మా జిల్లా దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున ఉన్న కోంటా వైపు ఊళ్లలో పక్కా ఇంటికి స్లాబ్ పోయడమంటే ఒక రోజు పెద్ద పని. రెడీమిక్స్ లారీలు వచ్చే దారులు కావవి. ఇసుక, కంకర ముందే కుప్పలు పోసుకుంటారు. సిమెంట్ బస్తాలను టార్పాలిన్ కింద దాచుకుంటారు. ఉదయాన్నే డీజిల్ ఇంజన్‌తో నడిచే చిన్న మిక్సర్ దిగుతుంది. మేస్త్రీలు దాన్ని మిల్లర్ అంటారు. ఒక్కో విడతకు అర బస్తా, అంటే 25 కిలోల సిమెంట్ పట్టే మిల్లర్లే ఇలాంటి పనులకు ఎక్కువగా అనువుగా ఉంటాయి. చిన్న బండిలో ఎక్కించవచ్చు, ఇరుకు దారిలో నలుగురు కలిసి తోసుకుపోవచ్చు.

ఆ రోజు పనిలో అందరి దృష్టీ మొదటి విడత మీద ఉంటుంది. నిజానికి ప్రమాదం చివరి విడతలో ఉంది. కప్పు అంచున ఇంకా కొంచెం జాగా మిగిలి, దానికి నిండు విడత అక్కర్లేదనిపించినప్పుడు, సంచి అడుగున ఉన్న సిమెంట్, నాలుగు పారల ఇసుక, కొంత కంకర, ఒక బకెట్ నీళ్లు డ్రమ్ములోకి పడతాయి. రోజంతా పాటించిన పాళ్లు ఆ ఒక్కసారి గాలికి పోతాయి. ఈ ముక్క విడతను పని మొదలుపెట్టక ముందే ప్రణాళికలో చేర్చాలి. అయితే దాని పరిమాణాన్ని మాత్రం ముందే నిర్ణయించకూడదు. పైకి ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. ఒక లెక్క చేసి చూస్తే అలా ఎందుకో అర్థమవుతుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద కట్టే ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. దానికి దగ్గరగా ఉండే ఒక కప్పును ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు, మందం 12 సెంటీమీటర్లు. వైశాల్యం 27 చదరపు మీటర్లు, ఘనపరిమాణం 3.24 ఘనపు మీటర్లు, అంటే 3,240 లీటర్లు.

ఇక ఒక విడతకు ఎంత కాంక్రీటు వస్తుంది? సిమెంట్ ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లు అనుకుంటే, 25 కిలోల సిమెంట్‌కు సుమారు 26 లీటర్ల ఇసుక, 52 లీటర్ల కంకర పడతాయి. తూకంలో ఇసుక 42 కిలోలు, కంకర 78 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నీళ్లు పన్నెండున్నర లీటర్లు. ఇవన్నీ కలిస్తే కొలతలు కూడినంత రావు, ఎందుకంటే కంకర మధ్య ఖాళీల్లో ఇసుక, ఇసుక మధ్య ఖాళీల్లో సిమెంట్ ముద్ద దూరిపోతాయి. ఒక్కో పదార్థం ఖాళీలు లేకుండా ఆక్రమించే అసలు జాగాను కూడితే సుమారు 66 లీటర్లు వస్తుంది. పొడి ఘనపరిమాణాన్ని 1.54తో భాగించే పాత అలవాటు లెక్క ప్రకారమైతే 62 లీటర్లే.

తేడా నాలుగు లీటర్లే కదా అనిపిస్తుంది. కానీ 62 లీటర్ల చొప్పున ఈ కప్పుకు 52.3 విడతలు కావాలి. 66 చొప్పున 49.1 విడతలు చాలు. అంటే మూడు విడతల తేడా. దీనికి సెంట్రింగ్ సంగతి కూడా చేర్చాలి. కింద పలకలు బరువుకు సగటున అర సెంటీమీటరు దిగినా, 27 చదరపు మీటర్ల మీద అది 135 లీటర్లు మింగుతుంది. అంటే మరో రెండు విడతలు. ఎత్తి పోసేటప్పుడు ఒలికేది కొంత ఉంటుంది. మొదటి విడతలో డ్రమ్ము గోడలకు, రెక్కలకు అంటుకుపోయే సిమెంట్ ముద్ద ఇంకొంత.

కాబట్టి దశాంశ బిందువు తర్వాత ఉన్న అంకె చూసి ‘చివరి విడత 0.3 వంతు చాలు’ అని ముందు రోజే రాసిపెట్టుకోవడంలో అర్థం లేదు. పూర్ణ విడతల సంఖ్యలోనే నాలుగైదు అటూ ఇటూ అయ్యే చోట, ముక్క ఎంత అన్నది కాగితం చెప్పలేదు. కాగితం చెప్పగలిగింది ఒక్కటే, కనీసం ఎన్ని బస్తాలు చేతిలో ఉండాలి అన్నది. 3,240 లీటర్లకు ఒలికేది నూటికి రెండు పాళ్లు, పలకలు దిగేది 135 లీటర్లు కలిపితే దాదాపు 3,440 లీటర్లు. దాన్ని 66తో భాగిస్తే 52 దాటుతుంది. అందువల్ల 53 విడతలకు సరిపడా, అంటే 27 బస్తాలు ఉంచుకుని పని మొదలుపెట్టాలి.

ముక్క విడత లెక్కకు సరైన సమయం పనిలో మూడొంతులు దాటాక వస్తుంది. ప్రతి విడతకూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. నలభయ్యో గీత పడగానే టేపుతో నిండిన జాగాను కొలవాలి. మన ఉదాహరణలో 40 విడతలకు 20.6 చదరపు మీటర్లు నిండాయనుకుందాం. ఒక విడత 0.515 చదరపు మీటర్లు కప్పుతోందన్నమాట. మిల్లర్ దిగుబడి, ఒలికిన కాంక్రీటు, దిగిన పలకలు అన్నీ ఈ ఒక్క అంకెలోనే ఉన్నాయి. వాటిని విడిగా ఊహించనక్కర్లేదు. మిగిలింది 6.4 చదరపు మీటర్లు. 0.515తో భాగిస్తే 12.4 విడతలు.

పన్నెండు నిండు విడతలు పోసి చివరన 0.4 వంతు ముక్క కలపడం అందరికీ తోచే దారి. దానికంటే మంచి దారి ఒకటి ఉంది. నిండు విడతలను పదకొండు దగ్గర ఆపి, మిగిలిన 1.4 విడతలను రెండు సమాన భాగాలు చేయాలి. అప్పుడు ఒక్కోటి 0.7 వంతు కంటే కొంచెం ఎక్కువ అవుతుంది. సిమెంట్ 18 కిలోలు, ఇసుక 30 కిలోలు, కంకర 56 కిలోలు, నీళ్లు 9 లీటర్లు. ఒక లీటరు నీరు ఎక్కువ పడితే 10 కిలోల సిమెంట్ ఉన్న ముక్కలో నీటి నిష్పత్తి 0.10 పెరుగుతుంది. 18 కిలోల దానిలో 0.06 లోపే. మోతాదు చిన్నదయ్యేకొద్దీ అదే పొరపాటు పెద్ద హాని చేస్తుంది. చిన్న మోతాదు డ్రమ్ములో సరిగా తిరగబడి కలవదు కూడా.

నీటి సంగతి దగ్గర కాస్త ఆగాలి. ముక్క విడతలో జరిగే అసలు నష్టం సిమెంట్ తగ్గడం వల్ల కాదు. రోజంతా చేతికి అలవాటైన బకెట్ అదే పరిమాణంలో పడటం వల్ల. పన్నెండున్నర లీటర్లు 18 కిలోల సిమెంట్‌లో పడితే, సగం ఉండాల్సిన నిష్పత్తి 0.7 దాకా పోతుంది. సిమెంట్‌తో రసాయన చర్య జరపగా మిగిలిన నీరు తర్వాత ఆరిపోయి సన్నని రంధ్రాలను వదిలి వెళ్తుంది. బలం తగ్గుతుంది, నీరు ఊరి లోపలి ఊచల దాకా చేరుతుంది. శబరి ఇసుక తడిగా ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. నూటికి ఐదు పాళ్ల తేమ ఉన్న 42 కిలోల ఇసుక దాదాపు రెండు లీటర్ల నీటిని తనతోనే తెస్తుంది. దాన్ని బకెట్ నుంచి తగ్గించాలి.

నిజం చెప్పాలంటే అర బస్తా అన్న మాటలోనే ఒక ఊహ దాగుంది. బస్తాను మధ్యకు కోసి కంటితో సగం చేస్తారు. ఒక సగం 28 కిలోలు, రెండోది 22 కిలోలు అయితే, అదే నీటికి ఒక విడతలో నిష్పత్తి 0.45, పక్క విడతలో 0.57. జంటగా పక్కపక్కనే పోస్తారు కాబట్టి సగటు కుదిరినట్టు ఉంటుంది గానీ కప్పులో ఏ చోటూ సగటుతో నిలబడదు. ముక్క విడతకైతే ఆ జంట కూడా ఉండదు. దీనికి మందు తూకం. బస్తర్ సంతల్లో చింతపండు, ఇప్పపువ్వు తూచే వేలాడే కాటా అక్కడి జనానికి కొత్త కాదు. ఒక ప్లాస్టిక్ బకెట్లో 25 కిలోల సిమెంట్ ఎక్కడిదాకా వస్తుందో, 18 కిలోలు ఎక్కడిదాకా వస్తుందో ఉదయమే తూచి గీతలు పెడితే రోజంతా సరిపోతుంది.

కాటా దొరకని చోట మాత్రం ముక్క విడత కలపనే కూడదు. నిండు విడతే కలిపి, మిగిలేదానికి ముందే ఒక చోటు సిద్ధం చేయాలి. మన లెక్కలో 53వ విడత నిండుగా కలిపితే దాదాపు 38 లీటర్లు మిగులుతుంది. మీటరు పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న పలకకు అది సరిగ్గా సరిపోతుంది. నీళ్ల కుండల దగ్గరో, గడప ముందో వేసే బండ అవుతుంది. దాని చట్రం ఉదయమే నేల మీద బిగించి ఉండాలి. లేకపోతే మిగిలిన కాంక్రీటు కప్పు మీదే అక్కడక్కడా దిబ్బలుగా మిగిలి, వానాకాలంలో నీరు నిలిచే గుంటలకు కారణమవుతుంది.

‘అంత పెద్ద కప్పులో ఒక్క విడత కాస్త పలుచనైతే ఏం కొంప మునుగుతుంది’ అని అనుభవమున్న మేస్త్రీలు అనడం సహజం. కప్పంతటికీ ఆ విడత కలిసిపోతే వాళ్ల మాట నిజమే అయ్యేది. కానీ అది కలిసిపోదు, అర చదరపు మీటరు చోట ఒక్కచోటే ఉంటుంది. పైగా పని సాధారణంగా గుమ్మం వైపు సజ్జా మీదో, అంచు మీదో ముగుస్తుంది. గోడ నుంచి బయటకు పొడుచుకు వచ్చే సజ్జాకు కింద ఆధారం ఉండదు. ఇల్లంతటిలో నాసి కాంక్రీటును తట్టుకోలేని చోటు అదే. కాబట్టి సజ్జాను మధ్య విడతలతోనే పూర్తి చేసి, పోత ముగింపు గోడ మీద ఆనే అంచుకు వచ్చేలా దారి వేసుకోవాలి.

సిమెంట్ ముందే అయిపోవడం ఇంకో రకం కష్టం. దుకాణం పక్క వీధిలో ఉన్న పట్నంలో బస్తా తెచ్చేలోపు కాంక్రీటు ఇంకా మెత్తగానే ఉంటుంది. కోంటా వైపు లోపలి ఊరి నుంచి మనిషి వెళ్లి తిరిగి వచ్చేసరికి, ముఖ్యంగా మే నెల ఎండలో, అంచు గట్టిపడటం మొదలవుతుంది. దాని పక్కన పోసిన కొత్త కాంక్రీటు పాతదానితో ఏకం కాదు. మొదటి వానకు కప్పు కింద ఒక గీత వెంట చెమ్మ కనిపిస్తే అది ఆ అతుకే. ముక్క విడత నాసిగా ఉంటే గుర్తు వేరు. ఒక చోటే మచ్చలా చెమ్మ ఊరడం, పైన చేత్తో రుద్దితే పొడి రాలడం, పలకలు విప్పాక కంకర బయటపడి తేనెతుట్టెలా కనిపించడం.

ఇంత తూకం అవసరమా, రెండు బస్తాలు ఎక్కువ తెచ్చుకుంటే పోలేదా అన్న వాదన కూడా ఉంది. ఎక్కువ తెచ్చుకోవాలి, కానీ అది సగం జవాబే. మన ఉదాహరణలో తూచి ముగిస్తే చివరి బస్తాలో 39 కిలోలు మిగులుతాయి. విప్పిన బస్తా వానాకాలపు గాలిలో తేమ పీల్చి గడ్డ కడుతుంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి, వారంలోపు గోడ పూతకో, కట్టుబడికో వాడేయాలి. ఆ పనిని కూడా స్లాబ్ రోజుకు ముందే అనుకుని ఉంచాలి.

ఇంటి అంచనా లెక్కల్లో బస్తాల సంఖ్య ఉంటుంది, ఊచల తూకం ఉంటుంది. వాటితో పాటు మేస్త్రీ చేతికి మరో నాలుగు వరుసలు ఇస్తే బాగుంటుంది. ప్రతి విడతకూ గీత, మూడొంతులు అయ్యాక టేపు, చివరి రెండు విడతలకు సమాన భాగం, మిగులుకు సిద్ధంగా ఒక చట్రం. వీటికయ్యే ఖర్చు ఒక బొగ్గు ముక్క, ఐదు నిమిషాల ఆగుదల.