సోలార్ కుక్కర్‌లో పప్పు ఉడకలేదా? గడియారం చూడకండి, నీడ చూడండి

"మన ఏజెన్సీ చలికి సోలార్ కుక్కర్ పనిచేయదు" అనే మాట చాలామంది నోట విన్నాను. నేను ఒప్పుకోను. పెట్టెలో వంట చేసేది ఎండ, గాలి వేడి కాదు. డిసెంబర్‌లో వణుకుతున్నా ఆకాశం నీలంగా ఉంటే అన్నం ఉడుకుతుంది. జూలైలో ఉక్కపోసినా మబ్బు పడితే ఉడకదు.

అసలు తేడా సూర్యుడి ఎత్తులో ఉంది. మన పాడేరు, అరకు వైపు మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం కూడా 48 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. కొలవడానికి పరికరం అక్కర్లేదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే అది మంచి ఎండ. మే నెలలో అలాంటి ఎండ ఉదయం 9 నుంచి 3 దాకా ఉంటుంది. డిసెంబర్‌లో పదకొండుకు కాస్త ముందు మొదలై ఒంటిగంట దాటాక పోతుంది. మేలో గంటన్నరలో అయ్యే అన్నానికి అప్పుడు రెండు, రెండున్నర గంటలు పట్టేది అందుకే.

ఆ అద్దాన్ని కూడా ఏడాదంతా ఒకే వాలులో ఉంచేస్తాం. వేసవిలో వెనక్కి వాల్చాలి, చలికాలంలో దాదాపు నిటారుగా నిలపాలి. అద్దం మీది వెలుగు గాజు మూత అంతా పరుచుకుంటే సరిపోయినట్టే. సూర్యుడు జరుగుతాడు కాబట్టి అరగంటకో ముప్పావు గంటకో పెట్టెను తిప్పాలి.

చలికాలంలో నేనైతే ఇలా చేయమంటాను. కందిపప్పు రాత్రే నానబెట్టండి. పొగమంచు విడిపోగానే, తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఖాళీ పెట్టెను ఎండలో పెట్టి వేడెక్కనివ్వండి. పదింటికి పప్పు, బియ్యం, గుమ్మడికాయ ముక్కలు మూడూ ఒకేసారి నల్లగిన్నెల్లో పెట్టి మూసేయండి. గంజి వార్చడం ఇందులో కుదరదు. నీళ్లు పెద్దగా ఆవిరైపోవు కూడా, అందుకే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల లోపే పోయాలి. కూరకి నీళ్లే వద్దు, దాని నీరే దానికి చాలు. పప్పులో చింతపండు మెత్తబడ్డాకే వేయాలి, ముందే వేస్తే గట్టిగా ఉండిపోతుంది. ఎండ నిలకడగా ఉంటే అన్నం, కూర పన్నెండున్నరకి, పప్పు ఒంటిగంటకి అవుతాయి. మధ్యలో "అయ్యిందా?" అని మూత తీయకండి, తీసిన ప్రతిసారీ పావుగంట పైనే పోతుంది. (ఇంట్లో పిల్లలుంటే ఇదే అన్నిటికంటే కష్టం!)

మబ్బు సంగతి కూడా నీడే చెబుతుంది. నీడ అంచు గీత గీసినట్టుంటే పెట్టండి. అంచు మసకబారితే అద్దం వల్ల లాభం లేదు. సగం ఉడికిన పప్పును గోరువెచ్చగా సాయంత్రం దాకా వదిలేస్తే పాడవుతుంది, వెంటనే పొయ్యి మీదికి మార్చేయండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దీన్ని నమ్ముకోమని నేను చెప్పను, ఆ నాలుగు నెలలూ కట్టెలే. కానీ మిగతా నెలల్లో రోజూ పప్పు ఒక్కటి ఇందులో ఉడికినా చాలు. పొయ్యి మీద ఎక్కువసేపు మండేది దానికోసమే, ఆ కట్టెలమోపు మోసేది మన అమ్మలు, చెల్లెళ్లే కదా.