"విశేషమేమైనా ఉందా?" అని అడిగినప్పుడు

పెళ్ళయి ఏడాది తిరిగేసరికి దంపతులను పలకరించే తీరు మారిపోతుంది. "బాగున్నారా?" అన్న మాట వెంటనే "విశేషమేమైనా ఉందా?" అన్న ప్రశ్న వస్తుంది. విశాఖ ఉక్కునగరం వంటి చోట ఇది మరీ ఇబ్బంది. అక్కడ పక్క క్వార్టరువారే ప్లాంటులో సహోద్యోగులు కూడా కావచ్చు. మెట్ల మీద అన్న మాట షిఫ్టు మారేలోగా డిపార్టుమెంటుకు చేరుతుంది. అలాగని ముఖం తిప్పుకొని పోలేము. అర్ధరాత్రి ఆపద వస్తే తట్టేది ఆ తలుపే.

నిర్ధారణ అయిన గర్భాలలో నూటికి సుమారు 10 నుంచి 15 వరకు నిలవవు. వాటిలో ఎక్కువ భాగం మొదటి 12 వారాలలోనే పోతాయి. అంటే ప్రశ్న అడిగిన నాటికి ఆమె గర్భవతి అయి బయటకు చెప్పకుండా ఉండవచ్చు, లేదా క్రితం వారమే గర్భస్రావమై ఉండవచ్చు. అడిగినవారికి ఆ సంగతి తెలియదు.

చాలామంది ఏదో ఒక కారణం చెప్పి తప్పించుకుంటారు. అది పనిచేయదని నా అభిప్రాయం. "ఉద్యోగంలో కుదురుకోవాలి" అంటే "ఉద్యోగం ఎప్పుడూ ఉండేదేగా" అంటారు. "పరీక్షలు చేయించుకుంటున్నాం" అంటే "లోపం ఎవరిలో?" అంటారు. ప్రతి కారణమూ మరో ప్రశ్నకు దారి తీస్తుంది.

కారణం లేకుండా, చిరునవ్వుతో, "ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి పిన్నిగారూ. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మొన్న ఎక్స్‌రే తీయించుకున్నారట కదా" అనండి. ఇక్కడ రెండో మాటే ముఖ్యం. అది ఆమె గురించి నిజంగా తెలుసుకోవాలని అడిగినది కావాలి. అప్పుడు తిరస్కరించింది ప్రశ్ననే గాని తనను కాదని ఆమెకు అర్థమవుతుంది. మళ్ళీ అడిగితే అదే వాక్యం, అదే స్వరంతో చెప్పండి. గొంతు పెంచినా, కొత్త వివరణ చేర్చినా కథ మొదటికి వస్తుంది.

అత్తగారి దగ్గర ఈ ఉపాయం సాగదు. అక్కడ మాట్లాడవలసినది కొడుకు. సంతానలేమి కేసులలో దాదాపు సగంలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. అయినా నింద కోడలి మీదే పడుతుంది. "అమ్మా, చెప్పవలసిన రోజున నేనే చెబుతాను, తనను అడగవద్దు" అని అతడు అంటే చాలావరకు ఆగుతుంది. ఏమనాలో దంపతులు ముందే అనుకోవాలి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే, ఆ తేడాయే కొత్త కబురవుతుంది.

అయితే ఈ గోప్యత డాక్టరు దగ్గర పాటించకండి. నెలసరి తేదీ, పూర్వపు గర్భస్రావాలు, వాడిన మందులు ఉన్నవున్నట్టు చెప్పాలి. ప్రేమతో తోడు వచ్చిన బంధువు ఎదుట చెప్పలేకపోతే, "కాసేపు ఒంటరిగా మాట్లాడాలండీ" అని డాక్టరునే అడగండి. బంధువును బయట కూర్చోమనే పని మేము చూసుకుంటాము.