‘త్వరలో’ అంటే ఎప్పుడు?

2025 అక్టోబరు 28న ఎంసీఎక్స్‌లో ఉదయం 9 గంటలకు మొదలు కావలసిన లావాదేవీలు మధ్యాహ్నం 1.25కు గాని మొదలు కాలేదు. బంగారం, వెండి పొజిషన్లున్నవారు అంతసేపూ చేతులు కట్టుకు కూర్చున్నారు. క్లయింటు కోడ్ల వంటి వివరాలకు వ్యవస్థలో పెట్టిన పరిమితి దాటడమే కారణమని ఎక్స్ఛేంజి తరువాత వివరించింది.

కారణం ఆలస్యంగా తెలిసినా ఫరవాలేదు. ఇటువంటప్పుడు బ్రోకరు ఖాతాదారుకు వెంటనే చెప్పవలసినవి వేరు. నిన్నటి ఆర్డర్లు నిలిచినవా, రద్దయినవా? మార్కెట్ తెరవగానే మార్జిన్ తగ్గితే గడువెంత? ‘త్వరలో’ అన్న మాటను నమ్మి ఏ వర్తకుడూ సరుకుకు ధర చెప్పలేడు. మళ్ళీ 10.30కు కబురు చేస్తామంటే, కొత్త సంగతి లేకున్నా 10.30కే చేయాలి, ఈలోగా అతను వేరే పని చూసుకుంటాడు.