పన్నెండేళ్లు దున్నితే పట్టా అయినట్టేనా?

"పన్నెండేండ్ల సంది కబ్జాల ఉన్న, ఇంకెవడు గుంజుకుంటడు?" ఆలేరు చుట్టుపక్కల సాదాబైనామా మీద భూమి కొన్న ఇళ్లలో ఈ ధీమా కొత్తది కాదు. దీంట్లో సగం నిజం ఉంది. ఏ సగమో తేల్చేది కాలం ఒక్కటే కాదు. పెట్టెలో దాచిన ఆ తెల్ల కాగితంలో ఏం రాసి ఉందన్నది కూడా తేలుస్తుంది.

ఒక ఊహా లెక్క తీసుకుందాం. 1998లో ఆలేరు మండలంలో ఒక రైతు ఎకరం నలభై వేల చొప్పున రెండెకరాలు కొన్నాడు. డబ్బంతా ముట్టింది. ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టారు, అదే రోజు భూమి అప్పగించారు. రిజిస్ట్రేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మినాయన కాలం చేశాడు. 2018లో కొత్త పాసు పుస్తకాలు వచ్చినప్పుడు ఆ రెండెకరాలు ఆయన కొడుకుల పేరు మీదికి ఎక్కాయి. యాదగిరిగుట్ట పుణ్యమా అని ధరలు పెరిగాయి, కొడుకులు 2019లో హైదరాబాద్ మనిషికి రిజిస్ట్రేషన్ చేసి అమ్మేశారు. ఇరవై ఏళ్లుగా దున్నుతున్న రైతుకు ఇప్పుడు ఏం మిగిలింది?

మొదట కాగితం సంగతి. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న భూమి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి 1998 కాగితం హక్కును బదిలీ చేయలేదు. పోనీ ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయిద్దామంటే కుదరదు. రాసిన నాలుగు నెలల్లోగా దస్తావేజును సమర్పించాలి, జరిమానాతో ఇంకో నాలుగు నెలలు గడువు దొరుకుతుంది, అంతే. ఇప్పుడు కావాల్సింది కొత్త దస్తావేజు. అది రాయాల్సింది ఆ కొడుకులే, వాళ్లు రాయరు.

ఇక కాలం. లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం, భూమి మరొకరి స్వాధీనంలో తనకు ప్రతికూలంగా ఉన్నప్పుడు యజమాని పన్నెండేళ్లలోపు దావా వేసుకోవాలి. వేయకపోతే 27వ సెక్షన్ కింద అతని హక్కే ఆరిపోతుంది. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు. ప్రభుత్వ భూమికైతే ముప్పై ఏళ్లు. అసలు మెలిక 'ప్రతికూలంగా' అన్న చోటే ఉంది. కౌలుకు దున్నినా, అన్నదమ్ముల ఉమ్మడి భూమిని ఒకరే దున్నినా, చేతి బదులుకు తాకట్టు పట్టుకుని దున్నినా యాభై ఏళ్లయినా కాలం పారదు. ఎందుకంటే అక్కడ దున్నేవాడు యజమానిని కాదనలేదు, అతని దయతోనో, వాటాతోనో ఉన్నాడు.

సాదాబైనామా ఏ గట్టున పడుతుంది? 1990లో అచల్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది. కాగితంలో "అమ్మినాను, స్వాధీనం చేశాను, నాకు గాని నా వారసులకు గాని సంబంధం లేదు" అని ఉంటే అది పూర్తయిన అమ్మకం. రిజిస్ట్రేషన్ లేక అది చెల్లకపోయినా, కొన్నవాడు మొదటి రోజు నుంచీ యజమానిగానే ఉన్నాడు. కాలం ఆ రోజే మొదలవుతుంది. అలా కాక "మీరు కోరినప్పుడు రిజిస్ట్రేషన్ చేయించి ఇస్తాను" అని ఉంటే అది అమ్మకపు ఒప్పందం. ఇంకా అమ్మినవాడే యజమాని అని కొన్నవాడు ఒప్పుకున్నట్టే. అలాంటి స్వాధీనం ప్రతికూలం కాదు, పన్నెండేళ్ల లెక్క దానికి వర్తించదు. 2001 సెప్టెంబరు 24కు ముందు కాగితం గనక, షరతులు కుదిరితే, ఆస్తి బదిలీ చట్టం 53-ఎ అతన్ని ఖాళీ చేయించకుండా ఆపుతుంది. ఆపుతుందే తప్ప యజమానిని చేయదు. సంగతి తెలియక డబ్బు పెట్టి కొన్న మూడో మనిషి మీద ఆ రక్షణ కూడా నిలవదు. ఒప్పందం కింద ఉన్నానని ఒక పేరాలోను, ప్రతికూలంగా ఉన్నానని ఇంకో పేరాలోను రాసే దావాలు ఇక్కడే బోల్తా పడతాయి.

మన రైతు కాగితం మొదటి రకందని అనుకుందాం. 2010లో పన్నెండేళ్లు నిండాయి. ఆ రోజుకే అమ్మినవాళ్ల హక్కు పోయింది. 2019లో కొడుకులు రిజిస్ట్రేషన్ చేసింది తమకు లేని హక్కును. రిజిస్ట్రేషన్ లేని హక్కును పుట్టించలేదు. ఈ మాట చెప్పించుకోవడానికి సివిల్ కోర్టుకే పోవాలి. ఒకప్పుడు ప్రతికూల స్వాధీనాన్ని ప్రతివాదిగానే చెప్పుకోవాలన్న తీర్పులుండేవి, 2019 ఆగస్టులో రవీందర్ కౌర్ కేసుతో వాదిగా వెళ్లే దారీ తెరుచుకుంది.

కోర్టులో ఆ కాగితం బయటికి తీయగానే స్టాంపు డ్యూటీ ఎదురొస్తుంది. స్టాంపు లేని దస్తావేజును జడ్జి సాక్ష్యంగా తీసుకోలేడు. డ్యూటీతో పాటు దానికి పది రెట్ల జరిమానా కట్టాలి. ఎనభై వేల మీద ఐదు శాతం చొప్పున వేసినా డ్యూటీ 4,000, జరిమానా 40,000, మొత్తం 44,000. ఒప్పందమని పేరు పెట్టుకున్నా తప్పించుకోలేరు, స్వాధీనం ఇచ్చిన ఒప్పందానికి మన రాష్ట్రంలో అమ్మకపు డ్యూటీయే. ఇంత కట్టినా స్టాంపు లోటు మాత్రమే తీరుతుంది, రిజిస్ట్రేషన్ లోటు అలాగే ఉంటుంది. ఆ కాగితాన్ని హక్కుకు రుజువుగా చూడరు. ఎప్పటినుంచి, ఏ హోదాలో స్వాధీనంలో ఉన్నాడో చెప్పడానికి మాత్రం చూస్తారు. మన రైతుకు కావాల్సింది సరిగ్గా అదే కాబట్టి, ఆ 44,000 దండగ కాదంటాను.

రెండో రుజువు పహాణీ. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. పట్టా ఎవరిదైనా, మోకా మీద దున్నుతున్నది ఎవరో ఏటా అందులో ఎక్కేది. ధరణి ఆ కాలమ్‌ను ఎత్తేసింది. తప్పుడు పేర్లు చేరుతున్నాయన్నది చెప్పిన కారణం, అందులో అబద్ధం లేదు. కానీ తప్పుడు పేర్లు కొట్టేయడం వేరు, కాలమే కొట్టేయడం వేరు. కాలంతో హక్కు మారుతుందని చట్టం ఒప్పుకుంటున్నప్పుడు, ఆ కాలాన్ని రాసిపెట్టే ఒకే ఒక్క సర్కారీ కాగితాన్ని ఆపడం పట్టాదారుకే మేలు చేసింది. నా దృష్టిలో ధరణి చేసిన పెద్ద కీడు అదే.

కోర్టు కాకుండా ఇంకో దారి రెవెన్యూది. 1971 చట్టంలో 5-ఎ సెక్షన్ కింద విచారించి 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవారు. 2016లో ఐదెకరాల వరకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మాఫీ చేశారు. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా మళ్లీ దరఖాస్తులు తీసుకుంటే దాదాపు 9 లక్షలు వచ్చాయి. మధ్యలో అక్టోబరు 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాతది రద్దయింది, హైకోర్టులో వ్యాజ్యం పడి అవన్నీ ఏళ్ల తరబడి ఆగాయి. 2025 నాటి భూభారతి చట్టం 6వ సెక్షన్ వాటికే దారి చూపింది: చిన్న, సన్నకారు రైతు అయి ఉండాలి, కాగితం 2014 జూన్ 2కు ముందుది కావాలి, పన్నెండేళ్ల అనుభవం ఉండాలి, 2020లో దరఖాస్తు పెట్టి ఉండాలి. విచారణ ఆర్డీవోది. ఈసారి డ్యూటీ, ఫీజు కట్టాల్సిందే.

ఆ చివరి షరతు నాకు మింగుడుపడదు. ఆ ముప్పై రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నవాడికి, బొంబాయి వలసలో ఉన్నవాడికి అదే కాగితం, అదే అనుభవం ఉన్నా ఆర్డీవో తలుపు మూసుకున్నట్టే. వాళ్లకు సివిల్ కోర్టొక్కటే మిగిలింది. అక్కడికి పోయే ముందు తహసీల్ ఆఫీసులో కొన్న ఏడు నుంచి ఆగిపోయిన ఏడు దాకా పహాణీ ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. బోరు కరెంటు కనెక్షన్ కాగితాలు, శిస్తు రసీదులు ఉంటే వాటిని జతచేయాలి. సాక్షి సంతకాలు పెట్టిన ఆ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒక్కరైనా బతికి ఉండగానే దావా వేయాలి.