మూడీ చార్టూ, ఏడు లైన్ల కోడూ

మా అక్క కూతురు మెకానికల్ ఫైనలియర్. వాళ్ల కాలేజీ టెక్నికల్ సింపోజియంలో "మెకానికల్ వాళ్లకి ప్రోగ్రామింగ్ ఎందుకు" అని మాట్లాడి, ఆ రికార్డింగు ఇక్కడ హ్యూస్టన్‌లో ఉన్న నాకు పంపింది. ఇలాంటి ప్రసంగాలు సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల దగ్గర తేలతాయి. ఈ పిల్ల ఆ ఊసే ఎత్తలేదు. నేరుగా పైపులో నీళ్ల దగ్గరికి వెళ్లింది. నాకు అదే నచ్చింది.

100 మిల్లీమీటర్ల ఉక్కు పైపులో నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో పోతున్నాయి. 100 మీటర్ల దూరంలో ఎంత ఒత్తిడి పోతుంది? దానికి ముందు ఫ్రిక్షన్ ఫాక్టర్ f తెలియాలి. 1939 నాటి కోల్‌బ్రుక్ సమీకరణంలో ఈ f రెండు వైపులా ఉంటుంది, విడదీసి ఒక పక్కకి తేలేం. అందుకే 1944లో మూడీ ఇచ్చిన చార్టు మీద స్కేలు పెట్టి, కళ్లు చికిలించి చదువుతాం. నేనూ అలాగే పాసయ్యాను. ఆమె తెర మీద ఇది చూపించింది:

```python
import math
Re, e = 200000, 0.00045
f = 0.02
for i in range(10):
    x = -2*math.log10(e/3.7 + 2.51/(Re*math.sqrt(f)))
    f = 1/x**2
print(round(f, 5))
```

ముందు 0.02 అని ఊహించి మొదలుపెడితే 0.0185 వస్తుంది. దాన్ని మళ్లీ లోపలికి పంపితే 0.01856, ఇక అక్కడే నిలబడుతుంది. ఒత్తిడి నష్టం సుమారు 0.37 బార్, అంటే 3.8 మీటర్ల నీటి ఎత్తు. పైపు సైజు మారిస్తే రెండంకెలు మార్చుకుంటే చాలు. వాదన బాగుంది, చప్పట్లూ పడ్డాయి.

నా పేచీ ఆ తర్వాత. అదే పైపులో, అదే వేగంతో, నీటికి వందరెట్లు కైనమాటిక్ విస్కాసిటీ ఉన్న నూనె పోనిద్దాం. Re 2000కి పడిపోతుంది. కోడు ఏ ఎర్రర్ లేకుండా 0.0498 అని ప్రింట్ చేస్తుంది. కానీ అక్కడ ప్రవాహం లామినార్, కోల్‌బ్రుక్ వర్తించదు. అసలు విలువ 64/Re, అంటే 0.032. సగానికి పైగా ఎక్కువ చూపిస్తోందన్నమాట! దాన్ని నమ్మితే అవసరం లేని పెద్ద పంపు కొంటాం. చార్టు చూసే కుర్రాడికైతే ఎడమ పక్కన ఆ వాలుగీత విడిగా కనబడేది. కోడులో మనం రాస్తేనే ఉంటుంది. ఈ ఒక్క if లైను ఎక్కడ పెట్టాలో ప్రోగ్రామర్‌కి తెలియదు, ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాడికే తెలుస్తుంది. మెకానికల్ వాళ్లు కోడు రాయాలనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. ప్రసంగంలో ఇది లేదు.

ఫోన్‌లో ఈ మాటే చెప్పాను. కాసేపు ఆలోచించి, "2300 కింద 64/Re పెడతాను మామయ్యా. మరి 2300 నుంచి 4000 దాకా ఏం ప్రింట్ చేయించను?" అంది.

అక్కడ ప్రవాహం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి సంఖ్య ఏదీ వద్దు, ఒక హెచ్చరిక ప్రింట్ చేయించమన్నాను.