నోటీసు చిన్నదైనా భాష ఒకటే ఉండాలి



నాలుగు వాక్యాల నోటీసులో గ్రాంథికం, వాడుక కలిసినా నష్టం లేదని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర అంటించిన కాగితం ఇదీ: ‘యావన్మందికి తెలియజేయునది ఏమనగా, రేపు ట్యాంకు కడుగుతున్నాం, నీటి సరఫరా ఉండదు. కావున నీళ్లు పట్టి పెట్టుకోండి. సహకరింపవలెను.’ మనవి కాస్తా చివరికి హుకుంలా వినిపిస్తోంది.

చిక్కు నామవాచకాల్లో లేదు. ‘నీటి సరఫరా’ వాడుకలోనూ ఇమిడిపోతుంది. తేడా పట్టిచ్చేది క్రియల చివర, ‘కావున’ లాంటి అతుకుల దగ్గర. వాటిని సరిచేస్తే చాలు: ‘అందరికీ మనవి. రేపు ట్యాంకు కడుగుతున్నాం, నీటి సరఫరా ఉండదు. కాబట్టి ముందే నీళ్లు పట్టి పెట్టుకోండి. దయచేసి సహకరించండి.’ గ్రాంథికమే కావాలంటే ‘కడుగుచున్నాము’, ‘ఉండదు గావున’, ‘పట్టి ఉంచుకొనవలెను’ అని చివరిదాకా అలాగే రాయాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ